ఒక సాదాబైనామా నుంచి రాజ్యాంగం దాకా: గుర్తింపు నియమం ఎక్కడుంటుంది?

ప్రశ్న: "సార్, నేను మహబూబ్‌నగర్‌లో ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నా. హార్ట్ చెప్పిన గుర్తింపు నియమం అంటే మనకు రాజ్యాంగమే కదా? మరి రాజ్యాంగం చెల్లుతుందని చెప్పిందెవరు? ప్రాథమిక, ద్వితీయ నియమాల కలయికే చట్టం అని నోట్స్‌లో ఉంది, ఆ కలయిక ఏంటో అర్థం కాలేదు. మా ఊళ్లో సాదాబైనామా రాసుకుంటే ఊరంతా ఒప్పుకుంటుంది. అది చట్టం ఎందుకు కాదు?"

జవాబు:

మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ తేలిపోతాయి. ముందుగా ఒక్క మాట మాత్రం చెప్పాలి. గుర్తింపు నియమం అంటే రాజ్యాంగం కాదు. రాజ్యాంగం ప్రకారం వచ్చినదాన్నే చట్టంగా తీసుకుని పని చేయాలని మన జడ్జీలు, తహసీల్దార్లు, సబ్ రిజిస్ట్రార్లు, చట్టసభల వాళ్లు అందరూ నిజంగా పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ చెప్పిన గుర్తింపు నియమం అదే. ఎక్కడా అచ్చు వేయకపోయినా అది రోజూ వాళ్లు చేసే పనిలో కనిపిస్తుంది.

ఇక సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం సంగతి. నల్లగొండలో భూమి కేసులు చూసే వకీళ్లందరికీ ఈ కాగితం బాగా తెలుసు. ఉదాహరణకు దేవరకొండ దిక్కు ఒక రైతు 1998లో పక్కింటాయన దగ్గర రెండెకరాల పది గుంటలు కొన్నాడనుకుందాం. తెల్లకాగితం మీద రాసుకున్నారు. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ముట్టిన పైకం, అమ్మినాయన వేలిముద్ర, కింద నలుగురు సాక్షుల సంతకాలు ఉన్నాయి. పెద్దమనుషుల ముందు డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు, ఆ వానాకాలం నుంచే కొన్నాయన దున్నుకుంటున్నాడు. ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు. అమ్మినాయన కొడుకులు కూడా ఇరవై ఏళ్లు కిక్కురుమనలేదు. భూమి ధర పెరిగాక వాళ్లలో ఒకడు పాస్‌బుక్ ఇంకా మా నాయన పేరు మీదే ఉందని వచ్చి నిలబడ్డాడు.

ఆస్తి బదిలీ చట్టం, 1882 లోని 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 17వ సెక్షన్ అలాంటి దస్తావేజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటుంది. చేయించకపోతే ఆ దస్తావేజు ఆస్తి మీద ఏ ప్రభావమూ చూపదని 49వ సెక్షన్ చెబుతుంది. కబ్జాలో ఎవరున్నారు లాంటి పక్క విషయాలకు దాన్ని చూపించుకోవచ్చేమో గానీ, హక్కు మాత్రం దాని వల్ల మారదు.

ఇక్కడ మన రైతు ఏ తప్పూ చేయలేదన్నది గమనించండి. ఆయన్ని ఎవరూ జైల్లో పెట్టరు, జుర్మానా వేయరు. చట్టం ఆయనతో అన్నది ఒకటే మాట: నువ్వు చేయాలనుకున్న పని జరగలేదు. హార్ట్‌కు ముందు, పందొమ్మిదో శతాబ్దంలో, ఇంగ్లీషు న్యాయతత్వవేత్త ఆస్టిన్ చట్టాన్ని పాలకుడి ఆజ్ఞగా, తప్పితే పడే శిక్షగా చూశాడు. 54వ సెక్షన్‌ను ఆ చూపుతో చదివితే అర్థం కాదు. కొందరు దీన్ని సర్దిపెట్టడానికి 'చెల్లకపోవడమే శిక్ష' అన్నారు. హార్ట్ దానికి ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ తిరుగులేనిదిగా కనిపిస్తుంది. దొంగతనం చేయొద్దనే నియమం నుంచి శిక్షను తీసేసినా నియమం మిగులుతుంది, దాన్ని పాటించమని అడగొచ్చు. అమ్మకానికి రిజిస్ట్రేషన్ కావాలనే నియమం నుంచి 'లేకపోతే చెల్లదు' అనే ముక్క తీసేస్తే ఇక నియమమే ఉండదు. ఎందుకంటే అది మనల్ని ఒక పని చేయమనీ అనదు, మానమనీ అనదు. మనకో శక్తినిస్తుంది. ఫలానా విధంగా చేస్తే నీ హక్కు ఇంకొకరికి పోతుందని దారి చూపిస్తుంది.

చేయాలి, చేయకూడదు అనే బాధ్యతలు పెట్టేవి ప్రాథమిక నియమాలు. ఆ నియమాల గురించిన నియమాలు ద్వితీయ నియమాలు. ఏది చట్టమో ఎలా తెలుసుకోవాలి, దాన్ని ఎవరు ఎలా మార్చొచ్చు, తగాదా వస్తే తేల్చే అధికారం ఎవరిది అనేవి వాటి పని. ఇంతవరకు మీ నోట్స్‌లో ఉండే ఉంటుంది. 'కలయిక' అన్న మాటను మాత్రం విద్యార్థులు చాలామంది రెండు రకాల నియమాలు పక్కపక్కన ఉండటం అనుకుంటారు. అంతకంటే గట్టి సంబంధం అది. పరాయివాడి పొలంలోకి చొరబడొద్దన్నది ప్రాథమిక నియమం. మన దేవరకొండ కేసులో ఆ నియమం ఎవరికి వర్తిస్తుంది? దున్నుకుంటున్న రైతుకా, పాస్‌బుక్ పట్టుకొచ్చిన కొడుక్కా? అది ఎవరి పొలమో తేలేదాకా ఆ నియమం ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరి పొలమో తేల్చేది బదిలీ నియమాలు, అంటే ద్వితీయ నియమాలు. అవి లేకపోతే ప్రాథమిక నియమం గాలిలో వేలాడుతుంది. ప్రాథమిక నియమం లేకపోతే ఆ బదిలీకి విలువ లేదు, ఎందుకంటే ఎవరినీ బయట ఉండమని చెప్పలేని పట్టా ఎవరికి కావాలి? ఒకదాని లోపలికి ఒకటి అల్లుకుపోయిన ఈ తీరునే హార్ట్ కలయిక అన్నాడు.

ప్రాథమిక నియమాలు మాత్రమే ఉన్న సమాజం ఎలా ఉంటుందో ఆయన ఊహించి చూపించాడు. మనకు అంత ఊహ అక్కర్లేదు, చెరువు కింద నీటి వంతులు చూస్తే చాలు. ముందు ఎవరి మడికి నీళ్లు, తూము ఎప్పుడు ఎత్తాలి అన్నవి ఊళ్లో అందరికీ తెలుసు, నీరడి చూసుకుంటాడు. కాలం బాగున్నన్నాళ్లు ఇబ్బంది లేదు. చెరువు సగమే నిండిన ఏడాది అసలు వంతు ఏమిటో చెరొకరు చెరో రకంగా చెబుతారు. ఏది సరైనదో చూసుకోవడానికి ఒక గుర్తు ఉండదు. ఆయకట్టులో బోర్లు పడి పరిస్థితి మారినా వంతును ఫలానా రోజు నుంచి మార్చే అధికారం ఎవరికీ ఉండదు, అది నెమ్మదిగా దానంతట అది మారాలి. ఎవరో కట్ట తెంచారని గొడవైతే ఆఖరిమాట ఎవరిదో తెలియక తరాల తరబడి కక్షలు నడుస్తాయి. అనుమానం, కదలకపోవడం, తెగకపోవడం అనే ఈ మూడు లోపాలకు మూడు మందులే గుర్తింపు నియమం, మార్పు నియమం, న్యాయనిర్ణయ నియమం. ఊరి వంతుకు విలువ లేదని హార్ట్ అనలేదు. అది నియమమే, దాన్ని పాటించేవాళ్లు తప్పొప్పులు ఎంచుకునేదీ దాంతోనే. అది ఒక వ్యవస్థగా ఇంకా కూడలేదని మాత్రమే ఆయన మాట.

సాదాబైనామాను ఊరు ఒప్పుకోవడం కూడా ఇలాంటిదే. ఊరి దృష్టిలో అది పక్కా అమ్మకం. చట్టం దృష్టిలో దానికి చోటు దొరకాలంటే చట్టమే ఒక తలుపు తీయాలి. అలా తీసింది కూడా. 1971 నాటి పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టంలో 5-ఎ సెక్షన్ అదే. దరఖాస్తు పెట్టుకుంటే తహసీల్దారు విచారణ చేసి, రుసుము కట్టించుకుని, 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవాడు. ఆ సర్టిఫికెట్‌తో తెల్లకాగితం అమ్మకం రిజిస్టరు దస్తావేజుతో సమానమయ్యేది.

తర్వాత జరిగింది కొంచెం నిదానంగా చూడండి. గుర్తింపు నియమం పనిచేసే తీరు ఇంత స్పష్టంగా కనబడే సందర్భం నాకు ఇంకొకటి తట్టదు. 2020 అక్టోబర్ 12న ప్రభుత్వం జీవో 112 ఇచ్చి సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిచింది. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఈలోగా శాసనసభ చేసిన కొత్త పాస్‌పుస్తకాల చట్టం అక్టోబర్ 29న అమల్లోకి వచ్చింది, 1971 చట్టం రద్దయింది. కొత్త చట్టంలో 5-ఎ లాంటి సెక్షన్ లేదు. అయినా దరఖాస్తులు తీసుకుంటూ పోయారు. నవంబర్‌లో విషయం హైకోర్టుకు వెళ్లింది. అక్టోబర్ 29 తర్వాత వచ్చిన దరఖాస్తులను తేల్చొద్దని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం 9 లక్షల దాకా వచ్చిన దరఖాస్తులు ఏళ్లపాటు అలాగే పడి ఉన్నాయి. చివరికి 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆ దరఖాస్తుల కోసం మళ్లీ ఒక సెక్షన్ పెట్టాల్సి వచ్చింది.

ఒకే ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే రోజు, ఒకే రకం కాగితం మీద, పక్కపక్క చెలకలు కొన్నారనుకోండి. పెద్దాయన అక్టోబర్ 27న దరఖాస్తు పెట్టాడు, చిన్నాయన నవంబర్ 2న పెట్టాడు. కాగితంలో తేడా లేదు, కబ్జాలో తేడా లేదు, ఊరి నమ్మకంలో తేడా లేదు. కుర్చీలో ఉన్న తహసీల్దారు కూడా ఒకరే. మారింది ఒక్కటే, ఆయన సంతకానికి బలాన్నిచ్చే నియమం. అది రద్దయిన క్షణం నుంచి ఆయన ఇచ్చే 13-బి మామూలు కాగితమే. సర్కారే జీవో ఇచ్చి పిలిచింది కదా అని మీరు అడగొచ్చు. జీవో బలం చట్టం నుంచి వస్తుంది, చట్టం పోయాక జీవో ఒంటరిగా నిలబడదు. కొత్త చట్టం ఎక్కువ, పాత చట్టం కింద ఇచ్చిన జీవో తక్కువ అన్న ఈ మెట్ల వరసను కూడా గుర్తింపు నియమమే పెడుతుంది. దాని పని చట్టాల జాబితా ఇవ్వడంతో అయిపోదు. రెండు ఢీకొంటే ఏది నెగ్గాలో కూడా అదే చెబుతుంది.

ఇప్పుడు ఆ మెట్లు ఎక్కుదాం. తహసీల్దారు ఉత్తర్వు ఎందుకు చెల్లుతుంది? చట్టం అధికారమిచ్చింది కాబట్టి. ఆ చట్టం ఎందుకు చెల్లుతుంది? శాసనసభ చేసింది కాబట్టి. శాసనసభ మాట ఎందుకు చెల్లుతుంది? రాజ్యాంగం 246వ అధికరణం రాష్ట్ర జాబితాలోని అంశాలపై చట్టం చేసే అధికారమిచ్చింది, ఆ జాబితాలో 18వ అంశం భూమి. సరే, రాజ్యాంగం ఎందుకు చెల్లుతుంది? మీ రెండో ప్రశ్న ఇదే.

ఇంకో మెట్టు ఉండాలి కదా అని వెతికితే మన ప్రాంతంలో ఒకటి దొరుకుతుంది కూడా. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత, 1949 నవంబర్ 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. భారత రాజ్యాంగ సభ తయారుచేస్తున్న రాజ్యాంగమే హైదరాబాద్ సంస్థానానికీ రాజ్యాంగం అవుతుందని అందులో ప్రకటించాడు. అప్పటిదాకా ఇక్కడ చట్టమంటే నిజాం మాటే. ఆ లెక్కన నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో రాజ్యాంగం చెల్లడానికి కారణం నిజాం ఫర్మానా అనుకోవాలి. అలా అనుకుంటే ఏమవుతుందో చూడండి. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. 1951లో నిజాం ఇంకో ఫర్మానాతో రాజ్యాంగాన్ని రద్దు చేస్తున్నానంటే ఒక్క మున్సిఫ్ అయినా దాన్ని లెక్కచేసేవాడా? లెక్కచేసేవాడు కాదని మనకందరికీ తెలుసు. ఎందుకంటే 1950 జనవరి 26 నాటికే జడ్జీలు, రెవెన్యూ అధికారులు చూసే దిక్కు మారిపోయింది. నిజాం కూడా రాజ్‌ప్రముఖ్ అయి రాజ్యాంగం కింద పదవిలో కూర్చున్నాడు. ఫర్మానా ఆ మార్పు ఎలా జరిగిందో చెప్పే చరిత్ర. ఈ రోజు చెల్లుబాటుకు అది ఆధారం కాదు. ఏ కోర్టులోనూ ఏ వకీలూ 'నిజాం ఒప్పుకున్నాడు కాబట్టి ఈ అధికరణం మనకు వర్తిస్తుంది' అని వాదించడు.

కాబట్టి మెట్లు రాజ్యాంగం దగ్గర ఆగి, దాని కింద చెల్లుబాటు అనే ప్రశ్నే వర్తించని నేల మీద నిలుస్తాయి. గుర్తింపు నియమం చెల్లుతుందా అని అడగడానికి వీల్లేదని హార్ట్ అంటాడు. చెల్లుబాటు అంటే గుర్తింపు నియమం పెట్టిన పరీక్షలో నెగ్గడం. ఆ పరీక్షనే పరీక్షకు పెట్టలేం. అడగగలిగిన ప్రశ్న ఒకటే: అది ఉందా, లేదా? దానికి జవాబు ఒక వాస్తవం. అధికారులు దాన్ని తమ పనికి ఉమ్మడి కొలతగా ఒప్పుకుని వాడుతుంటే ఉంది, లేకపోతే లేదు. ఆస్ట్రియా న్యాయతత్వవేత్త కెల్సెన్ ఇక్కడ ఒక మూలసూత్రాన్ని మనసులో ముందే అంగీకరించుకుని నడవాలన్నాడు. హార్ట్‌కు ఆ ఊహతో పని లేదు. వెళ్లి చూస్తే కనబడేదాన్ని ఊహించుకోవడం దేనికి?

ఎలా కనబడుతుందంటే, ఏదైనా జిల్లా కోర్టులో వాదన వినండి. ఒక వకీలు సెక్షన్ చదువుతాడు. ఎదుటి వకీలు ఆ సెక్షన్‌కు అర్థం అది కాదంటాడు, లేదా తన కేసుకు వర్తించదంటాడు. శాసనసభ చేస్తే మాత్రం మేమెందుకు వినాలి అని ఇద్దరిలో ఎవరూ అనరు. ఆ అనకపోవడంలోనే గుర్తింపు నియమం ఉంది. దాన్ని ఎవరూ పలకరు, అందరూ వాడతారు. జడ్జి దాన్ని తప్పితే తోటి జడ్జీలు, పైకోర్టు తప్పుపడతారు. అందుకే హార్ట్ దీన్ని వట్టి అలవాటు అనలేదు. అలవాటు తప్పితే ఎవరూ నిలదీయరు, నియమం తప్పితే నిలదీస్తారు. నియమాన్ని ఇలా తమ కొలతగా పట్టుకున్నవాళ్ల చూపునే ఆయన లోపలి దృక్కోణం అన్నాడు.

ఆస్టిన్ చెప్పిన అలవాటు ఎందుకు సరిపోదో మీ జిల్లా పేరులోనే ఒక కథ ఉంది. మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాడు, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. చట్టమంటే జనం వినడానికి అలవాటుపడ్డ పాలకుడి ఆజ్ఞ అయితే, కొత్త నిజాం మాట వినే అలవాటు మొదటిరోజు ఎవరికీ లేదు. అలవాటు పడేందుకు రోజులు పట్టాలి. అంటే అప్పటిదాకా సంస్థానంలో చట్టం లేనట్టేనా? అలా జరగలేదు. మొదటి రోజు నుంచే ఆయన ఫర్మానా ఫర్మానానే, ఎందుకంటే గద్దెనెక్కినవాడి మాట చట్టమనే నియమం అప్పటికే ఉంది. అది ఒక మనిషికి కాకుండా పదవికి కట్టిన నియమం.

ఇంకా ముఖ్యమైనది పాత చట్టాల సంగతి. ఆరో నిజాం కాలంలో, 1317 ఫస్లీలో, భూమి శిస్తు చట్టం చేశారు. మన లెక్కలో 1907–08. ఆజ్ఞ ఇచ్చిన నిజాం పోయాడు, తర్వాతి నిజాం పోయాడు, సంస్థానం పోయింది, 1956లో రాష్ట్రం మారింది, 2014లో మళ్లీ మారింది. ఆ చట్టం మాత్రం పేరు ముందు తెలంగాణ అని చేర్చుకుని, వెనక 1317 ఫస్లీ అనే గుర్తుతో కొనసాగుతూనే వచ్చింది. చనిపోయినవాడి ఆజ్ఞ ఇన్నేళ్లు ఎలా నిలిచింది? 1950లో 372వ అధికరణం, అప్పటికి అమల్లో ఉన్న చట్టాలన్నీ మార్చేదాకా కొనసాగుతాయంది. 2014 విభజన చట్టంలోని 100వ సెక్షన్ కూడా ఇంచుమించు అదే పని చేసింది. అక్షరాలు నిజాం కాలంవి, చెల్లుబాటు మాత్రం రాజ్యాంగానిది. ఒకే పాఠం ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థలోకి మారింది. 1950లో కింది కాగితాలు అవే ఉండి పై కొలత మారింది, 2014లో పై కొలత అదే ఉండి సరిహద్దులు మారాయి. జూన్ 2న తెలంగాణలో గుర్తింపు నియమం మారిందని ఎవరైనా పరీక్షలో రాస్తే అది తప్పు.

నిజాం కాలపు గుర్తింపు నియమాన్ని మన సుప్రీంకోర్టే ఒకసారి నమోదు చేసింది. 1955లో అమీరున్నీసా బేగం కేసు, ఒక నవాబు ఆస్తికి వారసులెవరన్న తగాదా. నిజాం ఇచ్చిన ఫర్మానాలకు చట్టం బలం ఉందా అన్న ప్రశ్న వచ్చింది. శాసనం, న్యాయం, పాలన మూడూ ఆయన చేతిలోనే ఉండేవి, ఆయన అధికారానికి రాజ్యాంగపరమైన హద్దేమీ లేదు, కాబట్టి ఫర్మానాలు మామూలు చట్టంలాగే కట్టుబడాల్సినవి అని కోర్టు చెప్పింది. ఆ తీర్పును హార్ట్ పుస్తకం పక్కన పెట్టుకుని చదవమని నా సలహా. 1955 నాటి జడ్జీలు నిజాం కింద పనిచేయలేదు. బయట నుంచి చూసి, అప్పటి అధికారులు దేన్ని చట్టంగా తీసుకున్నారో తేల్చారు. వాళ్ల లోపలి కొలత మాత్రం రాజ్యాంగమే. ఒకే తీర్పులో రెండు దృక్కోణాలూ ఉన్నాయి.

ఇక గుర్తింపు నియమం ఉందా లేదా అని తేల్చలేని కాలం కూడా ఉంటుంది. నల్లగొండ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లా పల్లెల్లో కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ, జనం మాటలో సంఘం, వెట్టి మాన్పించింది, దొరల భూములు పంచింది, గ్రామ కమిటీలు తగాదాలు తీర్చాయి. ఇంచుమించు 3,000 గ్రామాల్లో ఇలా నడిచిందని, 10 లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. అలాంటి ఊళ్లో కమిటీ ఇచ్చిన భూమికి హక్కుదారు ఎవరు? పగలు ఒకరి మాట, రాత్రి ఇంకొకరి మాట నడిచే చోట నిజాం చట్టమే చట్టం అనడం ఒక పక్షం చేరడమే, సంఘం మాటే చట్టం అనడమూ అంతే. తిరుగుబాటు, పరాయి సైన్యం ఆక్రమణ లాంటప్పుడు చట్టవ్యవస్థ ఉందా అన్న ప్రశ్నకు అవును, కాదు అనే జవాబులు సరిపోకపోవచ్చని హార్ట్ ఒప్పుకున్నాడు. దీన్ని ఆయన సిద్ధాంతంలో లోపంగా నేను చూడను. పునాది వాస్తవమైనప్పుడు, వాస్తవం గందరగోళంగా ఉంటే జవాబూ అలాగే ఉంటుంది. పోలీసు చర్య తర్వాత చాలాచోట్ల పంచిన భూములు మళ్లీ పాత యజమానుల చేతుల్లోకి వెళ్లాయి. సంఘం పంపకం న్యాయమా కాదా అన్నది అప్పుడు తేలలేదు. ఏ అధికారుల పద్ధతి నిలబడిందన్నది మాత్రం తేలింది.

మీ మొదటి ప్రశ్నలో 'రాజ్యాంగమే కదా' అన్నారు. కాదని చెప్పడానికి నా దగ్గరున్న గట్టి ఆధారం కేశవానంద భారతి కేసు. 368వ అధికరణం మొత్తం చదవండి, పార్లమెంటు రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్న మాట ఎక్కడా కనబడదు. 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు 7–6 తేడాతో ఆ హద్దు ఉందంది. 1976లో 42వ సవరణతో పార్లమెంటు 368కి రెండు కొత్త క్లాజులు చేర్చింది. సవరణ అధికారానికి ఏ హద్దూ లేదని, ఏ కోర్టూ ప్రశ్నించకూడదని వాటిలో రాసింది. అంటే అచ్చులో ఉన్న మాట కోర్టు మాటకు నేరుగా ఎదురు నిలిచింది. 1980లో మినర్వా మిల్స్ కేసులో కోర్టు ఆ క్లాజులను కొట్టేసింది. ఈరోజు రాజ్యాంగం పుస్తకం కొంటే 368(4), 368(5) అందులో అచ్చై కనబడతాయి, కింద చెల్లవని ఫుట్‌నోటు ఉంటుంది. అక్షరం ఉంది గానీ చట్టం కాదు. మౌలిక స్వరూపం అక్షరంలో లేదు గానీ చట్టాన్ని తేల్చే కొలత అయింది. గుర్తింపు నియమం రాజ్యాంగం పాఠమే అయితే ఇది అసాధ్యం.

ఇక్కడ హార్ట్‌ను విమర్శించిన అమెరికా న్యాయతత్వవేత్త డ్వార్కిన్ అభ్యంతరం గట్టిగా తగులుతుంది, దాన్ని తప్పించుకుని రాయకండి. 1973లో పదముగ్గురు జడ్జీలు దాదాపు సగానికి సగం చీలిపోయారు. అందరూ ఒప్పుకున్న పద్ధతే నియమమైతే, చీలిక ఉన్న చోట నియమం ఎక్కడిది? వాళ్లు వాదించుకున్నది ఉన్న నియమం గురించా, ఉండాల్సిన దాని గురించా? అంచుల దగ్గర గుర్తింపు నియమం కూడా అస్పష్టంగా ఉంటుంది, అక్కడ కోర్టు తీర్పిచ్చి, ఆ తీర్పును అందరూ ఒప్పుకున్నాక అది నియమంలో భాగమవుతుంది అన్నది హార్ట్ జవాబు. 1973లో కోర్టు అన్నది, 1980 తర్వాత క్రమంగా పార్లమెంటు, ప్రభుత్వాలు, కింది కోర్టులు ఒప్పుకుని నడుచుకున్నాయి. మన దేశంలో జరిగిన తీరుకు ఈ వివరణ బాగానే అతుకుతుందని నా అభిప్రాయం. ఆ ఏడుగురు జడ్జీలు మాత్రం కొత్తది చేస్తున్నామని రాయలేదు, ఉన్నదే చెబుతున్నామని రాశారు. వాళ్ల మాటను అలాగే తీసుకుంటే డ్వార్కిన్ వైపు బలం ఉంది. ఈ ఒక్క చోట హార్ట్ పూర్తిగా గెలిచాడని నేను చెప్పలేను.

మీ ఊరికి తిరిగి వస్తే, ఊరంతా ఒప్పుకున్న కాగితం చట్టం కాకపోవడం అన్యాయంగా తోస్తుంది, అది సహజం. చట్టవ్యవస్థ ఉందనడానికి హార్ట్ రెండు షరతులే పెట్టాడు. ప్రాథమిక నియమాలను జనం మొత్తమ్మీద పాటించాలి, ఏ కారణంతో పాటించినా సరే. గుర్తింపు నియమాన్ని మాత్రం అధికారులు తమ కొలతగా ఒప్పుకోవాలి. జనం ఒప్పుకోలు రెండో షరతులో లేదు. దాంట్లో ప్రమాదం ఉందని ఆయనకు తెలుసు. అలాంటి సమాజం గొర్రెలమందలా మారొచ్చని, ఆ గొర్రెలు చివరికి కబేళాకు చేరొచ్చని ఆయనే రాశాడు. దొర గడిలో వెట్టి చేసిన మనిషి నిజాం చట్టాన్ని తన కొలతగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. అయినా అది చట్టమే అయింది. చట్టమా అన్న ప్రశ్నను, దానికి తలవంచాలా అన్న ప్రశ్నను హార్ట్ లాంటి పాజిటివిస్టులు వేరుగా ఉంచేది ఇందుకే. ఇది చట్టమే, అయినా పాటించరానిది అని ఒక మనిషి నిలబడి అనాలంటే ఆ రెండూ వేరుగా ఉండాలి.

మీ ఊళ్లో ఎవరికైనా నిజంగా సాదాబైనామా ఇబ్బంది ఉంటే, ఊరు ఒప్పుకుందా అన్నదానితో పాటు దరఖాస్తు రశీదు మీద తేదీ చూడండి. భూభారతి చట్టం 6వ సెక్షన్ తలుపు తీసింది 2014 జూన్ 2 లోపు కొన్నవాళ్లకు, అదీ 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే.